రెజ్యూమె వేరే ఉంది కదా, మెయిల్‌లో మళ్లీ ఏం రాయాలి?

"సార్, ఒక తెలుగు వార్తల వెబ్‌సైట్ వాళ్లు సబ్ ఎడిటర్లు కావాలని ప్రకటన ఇచ్చారు. రెజ్యూమె మెయిల్ చేయమన్నారు. నేను రెండున్నరేళ్లుగా జంగారెడ్డిగూడెంలో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా రాస్తున్నాను. డెస్క్‌లో ఎప్పుడూ చేయలేదు. రెజ్యూమె విడిగా జత చేస్తాను కదా, మెయిల్‌లో మళ్లీ ఏం రాయాలి? ఖాళీగా పంపితే ఏమవుతుంది? ప్రకటన, నేను రాసుకున్న డ్రాఫ్ట్ రెండూ పెట్టాను. కొంచెం చూసి చెప్పండి."

నేను పదకొండేళ్లు డెస్క్‌లో ఉన్నాను. చివరి ఆరేళ్లు కొత్తవాళ్ల రెజ్యూమెలు చూసి, టెస్టుకు ఎవరిని పిలవాలో చెప్పే పని కూడా నా మీదే ఉండేది. ఆ కుర్చీలోంచి మీ మెయిల్ ఎలా కనిపిస్తుందో చెబుతాను.

ముందు ఖాళీ మెయిల్ సంగతి. సబ్జెక్ట్‌లో 'Resume' అని ఒక్క మాట, కింద ఒక పీడీఎఫ్, అంతే. ఇలాంటివి మాకు బోలెడు వచ్చేవి. చూడకుండా తీసేసేవాళ్లం కాదు కానీ, మిగతావన్నీ అయ్యాకే వాటి వంతు వచ్చేది. అదే అడ్రసుకు రిపోర్టర్లు పంపుతారు, వీడియో ఎడిటర్లు పంపుతారు, యాంకర్ ఉద్యోగం కావాలనేవాళ్లూ పంపుతారు. పీడీఎఫ్ తెరిచి రెండు పేజీలు చదివితే గానీ ఈ మనిషి దేనికి అడుగుతున్నాడో తెలియదు. రెండు వార్తల మధ్య దొరికిన ఐదు నిమిషాల్లో ఫోన్‌లో మెయిల్ చూసుకునేవాడికి ఆ ఓపిక ఉండదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నచ్చిన మెయిల్‌ను నేను హెచ్ఆర్‌కు ఫార్వర్డ్ చేస్తాను. మెయిల్‌లో నాలుగు ముక్కలుంటే అవి కూడా వెంట వెళ్తాయి, మీ తరఫున మాట్లాడతాయి. ఖాళీగా ఉంటే ఆ నాలుగు ముక్కలు నేను రాయాలి. నేను రాయను, బద్ధకం.

అలాగని రెజ్యూమెలో ఉన్నదంతా మళ్లీ మెయిల్‌లో ఎక్కించక్కర్లేదు. మీ డ్రాఫ్ట్‌లో జరిగింది అదే. చదువు, మార్కుల శాతం, కంప్యూటర్ కోర్సు, వచ్చిన భాషలు అన్నీ వరసగా ఉన్నాయి. అవి రెజ్యూమెలో ఎలాగూ ఉంటాయి. మెయిల్ చేయాల్సిన పని ఒకటే: ఆ పీడీఎఫ్ తెరవడానికి చదివేవాడికి ఒక కారణం ఇవ్వడం.

ఇప్పుడు మీ డ్రాఫ్ట్ మొదటి వాక్యం చూద్దాం. "గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, నేను నిరుపేద రైతు కుటుంబంలో జన్మించి, చిన్ననాటి నుండి అక్షరాలపై ఉన్న మక్కువతో..." స్కూల్లో సెలవు చీటీ రాసినప్పటి నుంచీ మనకు అలవాటైన ఎత్తుగడ ఇది. తప్పుపట్టను. కానీ ఫోన్‌లో ఇన్‌బాక్స్ తెరిస్తే మీ పేరు, సబ్జెక్ట్ లైన్, దాని కింద మెయిల్‌లోని మొదటి కొద్ది మాటలు మాత్రమే కనిపిస్తాయి. మీ మెయిల్‌లో ఆ జాగా మొత్తం 'నమస్కరించి వ్రాయునది ఏమనగా' దగ్గరే అయిపోయింది. ఏమనగా తర్వాత ఏముందో బయటికి కనపడదు.

మీరు వార్తలు రాసే మనిషి కాబట్టి మీకు తెలిసిన భాషలోనే చెబుతాను. మెయిల్ మొదటి వాక్యం వార్తకు ఇంట్రో లాంటిది. ఎవరు, ఏ ఉద్యోగానికి, ఎక్కడ చూసి రాస్తున్నారు, ప్రస్తుతం ఏం చేస్తున్నారు, ఈ నాలుగూ ఒకటి రెండు వాక్యాల్లో వచ్చేయాలి. 'నమస్కారం' అని ఒక్క మాట రాసి నేరుగా విషయంలోకి రండి. మర్యాదకు అది చాలు. ఎడిటర్ పేరు ప్రకటనలో ఉంటే పేరు పక్కన 'గారికి' అని రాయండి, లేకపోతే ఊహించి రాయొద్దు. ఒకసారి నాకు వచ్చిన మెయిల్‌లో మా సంస్థ వదిలేసి వెళ్లి ఏడాదైన మనిషి పేరుంది. ఆయన మీద మాకు కోపం లేదు గానీ, ఈ అబ్బాయి వివరాలు సరిచూసుకోడేమో అని అనిపించింది. సబ్ ఎడిటర్ ఉద్యోగానికి అదే పెద్ద మైనస్.

రెండో పేరా అసలు పేరా. ఇక్కడ ప్రకటనను పక్కన పెట్టుకుని రాయాలి. మీరు పెట్టిన ప్రకటనలో నాలుగు విషయాలున్నాయి: ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి వేగంగా అనువదించాలి, యూనికోడ్ టైపింగ్ తప్పనిసరి, రాత్రి షిఫ్టులు ఉంటాయి, ఒకటి నుంచి మూడేళ్ల అనుభవం. వీటిలో వాళ్లకు దొరకనిది ఏదో ఆలోచించండి. రాత్రి షిఫ్టుకు సరేననేవాళ్లు దొరుకుతారు. అనుభవం ఉన్నవాళ్లూ దొరుకుతారు. ఇంగ్లిష్ కాపీ చేతికిస్తే అరగంట, ముప్పావుగంటలో చదవదగ్గ తెలుగులో తిప్పి ఇచ్చేవాళ్లు దొరకడమే కష్టం. టెస్టులో ఎక్కువమంది పోయేదీ అక్కడే. కాబట్టి మీ రెండో పేరా అనువాదం చుట్టూ తిరగాలి.

మీ డ్రాఫ్ట్‌లో అనువాదం ప్రస్తావన ఉందా అని వెతికాను. ఉంది, పదకొండో వాక్యంలో. "వరదల సమయంలో కేంద్ర జల సంఘం వారి ఇంగ్లిష్ బులెటిన్లను తెలుగులో వ్రాసి పంపిన అనుభవం కూడా కలదు." బాబూ, అసలు వార్త ఇది. దీన్ని అడుగున పడేసి పైన అక్షరాల మీద మక్కువ పెట్టారు. మీ కాపీ ఇలా వస్తే డెస్క్ వాళ్లు ఏం చేస్తారో మీకే తెలుసు, కింది పేరా తెచ్చి పైన పెడతారు. మీరూ అదే చేయండి. అయితే 'అనుభవం కలదు' అని వదిలేయకండి. గోదావరి వరదలప్పుడు రోజుకు ఎన్ని బులెటిన్లు రాశారు, బులెటిన్ చేతికొచ్చాక ఎంతసేపట్లో వార్త పంపేవారు, ఈ రెండు సంగతులు చెబితే చదివేవాడికి మీ పని కళ్లకు కడుతుంది. అంకెలు మాత్రం నిజమైనవే వేయండి. 300 పదాలను 40 నిమిషాల్లో అనువదిస్తానని రాస్తే, టెస్టులో గడియారం పెట్టుకుని అదే చేయిస్తారు. ఇంట్లో కూర్చుని ఒకసారి నిజంగా టైమ్ చూసుకుని, వచ్చిన అంకె వేయండి.

డెస్క్ అనుభవం లేదన్న టెన్షన్ మీ డ్రాఫ్ట్ నిండా ఉంది. మూడుచోట్ల క్షమాపణ అడిగారు. అక్కర్లేదు. దాచాల్సిన పనీ లేదు, దాచినా రెజ్యూమెలో దొరికిపోతుంది. 'డెస్క్‌లో ఇంతవరకు పనిచేయలేదు' అని ఒక్క వాక్యం రాసి, వెంటనే చేసిన పని చెప్పండి. 'కానీ', 'అయినప్పటికీ' లాంటివి కూడా పెట్టొద్దు. ఆ మాటలు పెడితే సాకు చెబుతున్నట్టు ఉంటుంది. నా లెక్కలో అయితే, కంట్రిబ్యూటర్‌గా రెండున్నరేళ్లు చేసిన మనిషికి ఊళ్ల పేర్లు, అధికారుల హోదాలు, పోలీసు కేసుల భాష తెలిసి ఉంటాయి. నేరుగా డెస్క్‌లోకి వచ్చినవాళ్లు అవి నేర్చుకోవడానికి ఏడాది పడుతుంది. ఇది అందరు ఎడిటర్ల అభిప్రాయం కాకపోవచ్చు. డెస్క్ అనుభవమే కావాలని పట్టుబట్టే చోట మెయిల్ ఎంత బాగున్నా పిలవరు.

'కష్టపడే తత్వం', 'బృందంతో కలిసి పనిచేయగలను', 'ఒక్క అవకాశం ఇస్తే నిరూపించుకుంటాను' అనే మూడూ తీసేయండి. అబద్ధాలని కాదు, ఇవి లేని మెయిల్ మేం చూడలేదు. కుటుంబ పరిస్థితి కూడా వద్దు. చదివినవాడికి జాలి కలుగుతుంది, టెస్టుకు పిలవడానికి అది కారణం కాదు. జీతం సంగతి ప్రకటనలో అడిగితేనే ఒక లైను రాయండి, అడక్కపోతే ఎత్తొద్దు. ఇప్పుడు చేస్తున్న చోట డబ్బులు సరిగా ఇవ్వట్లేదని రాశారు. నిజమే అయ్యుండొచ్చు, చాలామంది కంట్రిబ్యూటర్ల పరిస్థితి నాకు తెలుసు. మెయిల్‌లో మాత్రం వద్దు.

మూడో పేరా పొట్టిది, పనికొచ్చే సమాచారం మాత్రమే ఉండాలి. రాత్రి షిఫ్టు చేయగలరా, హైదరాబాద్ ఎప్పటికి రాగలరు, ఏమేం జత చేశారు. ఇక్కడ 'ఎప్పుడంటే అప్పుడు వస్తాను' అనేకంటే '15 రోజుల్లో' అంటే మేలు. షిఫ్టుల పట్టిక వేసేవాడికి అది కావాలి. చివర్లో పేరు, ఫోన్ నంబరు. నంబరు రెజ్యూమెలో ఉంది కదా అనుకోవద్దు. టెస్టుకు పిలిచేటప్పుడు నేను పీడీఎఫ్ తెరిచేవాణ్ని కాదు, మెయిల్ కింద ఉన్న నంబరు నొక్కేవాణ్ని. 'ఇట్లు తమ విధేయుడు' తీసేయొచ్చు, పేరు చాలు.

మీ డ్రాఫ్ట్‌లోని విషయాలతోనే తిరగరాస్తే ఇలా వచ్చింది. అంకెలు నేను ఊరికే వేశాను, మీవి మీరు మార్చుకోండి.

సబ్జెక్ట్: సబ్ ఎడిటర్ ఉద్యోగానికి – (మీ పేరు), జంగారెడ్డిగూడెం

నమస్కారం.

మీ వెబ్‌సైట్‌లో సబ్ ఎడిటర్ల ప్రకటన చూసి రాస్తున్నాను. రెండున్నరేళ్లుగా జంగారెడ్డిగూడెం నుంచి (పత్రిక పేరు) దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా వార్తలు పంపుతున్నాను.

గోదావరి వరదలప్పుడు కేంద్ర జల సంఘం ఇంగ్లిష్‌లో ఇచ్చే బులెటిన్లను రోజుకు మూడు నాలుగు చొప్పున తెలుగులో రాసి, అందిన అరగంటలోపు పంపాను. 300 పదాల ఇంగ్లిష్ కాపీ అనువదించడానికి నాకు సుమారు 40 నిమిషాలు పడుతుంది. డెస్క్‌లో ఇంతవరకు పనిచేయలేదు. నా వార్తలన్నీ నేనే యూనికోడ్‌లో, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో టైప్ చేస్తాను.

రాత్రి షిఫ్టులు చేయగలను. పిలిస్తే 15 రోజుల్లో హైదరాబాద్ వచ్చి చేరగలను. రెజ్యూమె, ఒక అనువాద నమూనా జత చేశాను.

(మీ పేరు)
(ఫోన్ నంబరు)

ఇది మొత్తం డెబ్బై పదాలు దాటి కొంచెం ఉంటుంది. మెయిల్ ఎంత ఉండాలో ఇంగ్లిష్‌లో వచ్చే సలహాల్లో పదాల లెక్క చెబుతుంటారు. ఆ లెక్క తెలుగుకు పనికిరాదు. ఇంగ్లిష్‌లో నాలుగు మాటలయ్యేది మనకు 'పంపుతున్నాను' అని ఒక్క మాటలో అయిపోతుంది. అందుకని పదాలు లెక్కపెట్టడం మానేసి, మెయిల్‌ను మీకే పంపుకుని ఫోన్‌లో తెరవండి. మొదటి రెండు పేరాలు వేలితో జరపకుండా కనపడాలి. కనపడకపోతే రెండో పేరాలో ఏదో ఎక్కువైనట్టు.

యూనికోడ్ గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర మెయిల్ పాడయ్యేది ఎక్కువగా దీనివల్లే. పత్రికలకు రాసేవాళ్లలో ఇప్పటికీ అను ఫాంట్లలో టైప్ చేసేవాళ్లున్నారు. ఆ కాపీని తెచ్చి మెయిల్‌లో పేస్ట్ చేస్తే, మీ కంప్యూటర్లో ఎలా ఉన్నా, అవతల తెరిచినవాడికి తెలుగు అక్షరం ఒక్కటీ కనపడదు. ఇంగ్లిష్ అక్షరాలు, ఏవేవో గుర్తులు కలిసిన గందరగోళం కనిపిస్తుంది. అను ఫాంట్ నిజానికి ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు చూపిస్తుంది. ఆ ఫాంట్ లేని చోట బొమ్మలు పోయి అడుగున ఉన్నవి బయటపడతాయి. 'యూనికోడ్ తప్పనిసరి' అన్న ప్రకటనకు ఇలాంటి మెయిల్ వస్తే ఆ దరఖాస్తు అక్కడితో సరి. మెయిల్ మీకే పంపుకుని ఫోన్‌లో చూడమన్నది ఇందుకు కూడా. ఫోన్లో అను ఫాంట్ ఉండదు కాబట్టి నిజం తెలిసిపోతుంది. రెజ్యూమె పీడీఎఫ్ అయితే ఫాంట్ అందులోనే కలిసి వెళ్తుంది కాబట్టి మామూలుగా బాగానే కనిపిస్తుంది. కానీ వర్డ్ ఫైల్‌గా పంపితే అదే గొడవ. పీడీఎఫే పంపండి.

డెస్క్ కన్నుకు కనపడే చిన్న గుర్తు ఇంకొకటి ఉంది. 'వెబ్‌సైట్' అన్న మాటలో బకారం పొల్లుగా విడిగా నిలబడాలి. శ్రద్ధ లేకుండా టైప్ చేస్తే సకారం వెళ్లి బకారం కింద వత్తుగా చేరి 'వెబ్సైట్' అవుతుంది. రెండింటి మధ్య కంటికి కనపడని ఒక విడదీసే అక్షరం కొట్టాలి, మీ కీబోర్డులో అది ఎక్కడుందో తెలుసుకోండి. దీనికోసమే ఎవరినీ పిలిచింది లేదు, ఆపిందీ లేదు. కానీ మీరు అడుగుతున్నది తెలుగు సరిదిద్దే ఉద్యోగం. మీ చేతి తెలుగును వాళ్లు మొదట చూసేది ఈ మెయిల్‌లోనే. 'కలదు', 'వ్రాయునది', 'పరిశీలించగలరు' లాంటి దరఖాస్తు భాష కూడా ఇందుకే వద్దంటున్నాను. ఆ వెబ్‌సైట్ వార్తలు ఏ తెలుగులో ఉన్నాయో చూసి, మెయిల్ ఆ తెలుగులో రాయండి.

నమూనా జత చేయమన్నాను కదా. ప్రకటనలో అడగలేదు, అయినా ఒక పేజీ నమూనా భారం కాదు, అంతకు మించితే భారం. ఏది అనువదించాలన్నదే ప్రశ్న. కేంద్ర ప్రభుత్వ పత్రికా ప్రకటనలు ఇచ్చే పీఐబీ నుంచి తీసుకోవద్దు. పీఐబీ వాళ్లే చాలా ప్రకటనలకు తెలుగు ఇస్తారు, అక్కణ్నుంచి దించారేమో అన్న అనుమానం వస్తుంది. రిజర్వు బ్యాంకు ప్రకటనలు మామూలుగా ఇంగ్లిష్, హిందీల్లో ఉంటాయి. అలాంటిదొకటి తీసుకుని వార్తగా రాయండి, పైన అసలు ప్రకటన లింకు ఇవ్వండి. అందులో మీ పనితనం కనపడే చోట్లు ఉంటాయి. 25 బేసిస్ పాయింట్లు అని ఉన్నదాన్ని అలాగే దించేశారా, 0.25 శాతం అని విప్పారా? మిలియన్లను లక్షల్లోకి సరిగ్గా మార్చారా? 1.2 మిలియన్‌ను 1.2 లక్షలు అని రాసినవాళ్లను నేను టెస్టుల్లో చాలామందిని చూశాను.

మీ పేరుతో అచ్చయిన వార్తల లింకులు కూడా ఇవ్వొచ్చు. ఒకటో రెండో, అంతకంటే వద్దు. కంట్రిబ్యూటర్లకు బైలైన్ దొరకడం తక్కువ కాబట్టి లేకపోతే బాధపడొద్దు. పైగా అచ్చయిన కాపీని డెస్క్ ఎంత దిద్దిందో బయటివాళ్లకు తెలియదు, నమూనా అయితే పూర్తిగా మీదే.

ఇక పంపే ముందు చూసుకోవాల్సినవి. ఫైల్ పేరు `Resume_final_new2.pdf` లాంటిది కాకుండా మీ పేరు, ఉద్యోగం పేరు ఉండేలా పెట్టుకోండి. నా దగ్గర డౌన్‌లోడ్ అయ్యాక అది ఇంకో ముప్పై ఫైళ్ల మధ్య పడుంటుంది. మెయిల్ మీ సొంత అడ్రసు నుంచే పంపండి. నెట్ సెంటర్ వాళ్ల ఐడీ నుంచి వచ్చిన దరఖాస్తుకు ఒకసారి జవాబిచ్చాను, అది ఆ సెంటర్‌కే పోయింది, ఆ అమ్మాయికి చేరనే లేదు. టెస్ట్ అయిపోయిన వారం తర్వాత ఆవిడ ఫోన్ చేసింది. వాట్సాప్‌లోంచో వర్డ్‌లోంచో తెచ్చి పేస్ట్ చేస్తే కొన్ని పేరాలు ఒక సైజులో, కొన్ని ఇంకో సైజులో వస్తాయి. కంప్యూటర్లో అయితే `Ctrl+Shift+V` తో పేస్ట్ చేస్తే పాత హంగులు రావు.

అటాచ్‌మెంట్ మర్చిపోవడం అందరికీ జరిగేదే. నా మొదటి దరఖాస్తులో నేనే మర్చిపోయాను. ఇంగ్లిష్‌లో జత చేశానని రాసి ఫైల్ పెట్టకపోతే జీమెయిల్ గుర్తుచేస్తుంది. తెలుగులో రాసేటప్పుడు దాన్ని నమ్ముకోవద్దు. ముందు ఫైళ్లు జత చేసి, తర్వాత మెయిల్ రాసి, పంపాల్సిన అడ్రసు అన్నిటికంటే చివర్లో కొట్టండి. అప్పుడు సగంలో పొరపాటున నొక్కినా ఎక్కడికీ పోదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో `Undo Send` ను 30 సెకన్లకు పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇవన్నీ చేసినా ఫైల్ లేకుండా వెళ్లిపోతే, అదే మెయిల్‌కు రిప్లై కొట్టి 'రెజ్యూమె జత చేయడం మర్చిపోయాను, ఇప్పుడు పంపుతున్నాను' అని ఒక్క వాక్యం రాయండి. కొత్త మెయిల్ పెట్టొద్దు, రెండూ చెరో చోట పడతాయి.

ఒకవేళ ఇంకో చోట కవర్ లెటర్ కూడా విడిగా ఫైల్‌గా పంపమన్నారనుకోండి, అప్పుడు ఈ రెండో పేరా ఆ ఫైల్లోకి పోతుంది. మెయిల్‌లో ఏ ఉద్యోగానికో, ఏం జత చేశారో, మీ నంబరేమిటో ఉంటే చాలు. ఒకే ఉత్తరం రెండుచోట్లా పెట్టకండి.

పంపాక వారం వరకు కదిలించొద్దు. తర్వాత అదే మెయిల్‌కు రిప్లైగా రెండు లైన్లు రాయండి: 'సబ్ ఎడిటర్ ఉద్యోగానికి గత సోమవారం దరఖాస్తు పంపాను. టెస్ట్ తేదీ ఖరారైతే తెలియజేయండి, నా నంబరు ఇది.' మధ్యాహ్నం పంపండి. సాయంత్రం ఆరు దాటాక డెస్క్‌లో ఎవరూ మెయిల్ చదవరు.